నూలుకి 240 వెయ్యాలా, 252 వెయ్యాలా? ఒకే కంపెనీలో స్పిన్నింగ్‌కీ వీవింగ్‌కీ గొడవ

పడుగు_పేక
అందరికీ నమస్కారం. నేనొక బట్టల కంపెనీలో వీవింగ్ డివిజన్ లెక్కలు చూస్తాను. కంపెనీ ఒకటే, కాంపౌండూ ఒకటే. గోడకి ఇటు మా మగ్గాలు, అటు స్పిన్నింగ్. వాళ్ళు నెలకి 3 లక్షల కిలోల నూలు తీస్తారు. అందులో లక్ష కిలోలు మాకొస్తాయి, మిగతాది బయట అమ్ముతారు.

మొన్న మార్చి దాకా నూలు మాకు ఖర్చు రేటుకే వేసేవారు, కిలో సుమారు 240 రూపాయలు. ఏప్రిల్ నుంచి స్పిన్నింగ్ జీఎం గారు పట్టుబట్టి మార్కెట్ రేటు 252 చేయించుకున్నారు. నూలు అదే, మగ్గాలు అవే, మనుషులూ వాళ్ళే. మా లాభం మాత్రం నెలకి 20 లక్షల నుంచి 8 లక్షలకి పడిపోయింది. మా జీఎం గారి బోనస్ డివిజన్ లాభం మీదే లెక్క కడతారు. అందుకని "240 ఎందుకు న్యాయమో రాసుకురా" అని నన్ను కూర్చోబెట్టారు.

అంకెలు కాస్త గుండ్రం చేసి ఇస్తున్నాను. కిలో నూలుతో నేసిన గుడ్డ 330కి పోతుంది. నేతకయ్యే మారే ఖర్చు కిలోకి 50. మా స్థిర ఖర్చు నెలకి 20 లక్షలు. స్పిన్నింగ్ వైపు దూది, కరెంటు, స్టోర్స్ కలిపి కిలోకి 215. జీతాలు, వడ్డీ, తరుగుదల కలిపి నెలకి 75 లక్షలు, అంటే మిల్లు నిండుగా నడిస్తే కిలోకి 25.

ఏమని రాయమంటారు?

రెండుజేబులు
కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో పెట్టుకోవడానికి ఇంత టెన్షన్ ఎందుకండీ? మీ అంకెలతోనే చూడండి. 240 వేస్తే స్పిన్నింగ్‌కి ఆ లక్ష కిలోల మీద సున్నా, మీకు 20 లక్షలు. 252 వేస్తే వాళ్ళకి 12, మీకు 8. ఎలా కలిపినా కంపెనీకి 20 లక్షలే. ఓనరుకి తేడా లేనప్పుడు రేటు ఏదైతేనేం? బోనస్ పద్ధతి మార్చమని అడగండి, గొడవ వదిలిపోతుంది.

గచ్చిబౌలి_పద్మ
మాదీ ఇదే బాధ. మా అమెరికా పేరెంట్‌కి మేం సాఫ్ట్‌వేర్ సర్వీసులు ఇస్తాం, ఖర్చు మీద 15 శాతం వేసి బిల్లు చేస్తాం. ఏటా సీఏ గారు రిపోర్టు ఇవ్వాలి, పోల్చదగ్గ కంపెనీల మార్జిన్లు వెతకాలి. మీరు ముందు బెంచ్‌మార్కింగ్ స్టడీ చేయించుకోండి. లేకపోతే అసెస్‌మెంట్‌లో సర్దుబాటు వేస్తారు.

పడుగు_పేక
పద్మ గారూ, మాది విదేశీ వ్యవహారం కాదండీ. రెండు కంపెనీలు కూడా కాదు. ఒకే కంపెనీలో రెండు డివిజన్లు, పాన్ నంబరూ ఒకటే. మీరన్న పన్ను గొడవ మాకు లేదు.

రెండుజేబులు గారూ, మీ కూడిక తప్పు కాదు. కానీ నాకెందుకో ఎక్కడో ఏదో పోతోందనిపిస్తోంది.

పాతలెక్కలు
బాబూ, ఎక్కడ పోతోందో కనుక్కోవాలంటే ఒక్క సంగతి చెప్పు. ఏప్రిల్ తర్వాత, రేటు గిట్టదని మీ జీఎం వదిలేసిన ఆర్డరు ఏదైనా ఉందా? రిటైర్ అయ్యేదాకా నేను కాస్టింగ్‌లోనే ఉన్నాను. ఇలాంటి గొడవ వచ్చిన ప్రతిచోటా నేను ముందు అడిగేది ఇదే. లాభాల పట్టిక ఆ తర్వాత చూస్తాను.

పడుగు_పేక
ఉంది సార్! మే నెలలో ఒక గార్మెంట్ పార్టీ 20,000 కిలోల నూలుకి సరిపడా గుడ్డ అడిగింది, కిలోకి 300 ఇస్తామన్నారు. నూలు 252, నేత 50, మొత్తం 302. కిలోకి 2 రూపాయలు చేతినుంచి పోతాయని మా జీఎం గారు వద్దన్నారు. నేనే ఆ షీటు వేసిచ్చాను.

పాతలెక్కలు
ఇంకొకటి. మేలో స్పిన్నింగ్ పరిస్థితి ఏమిటి? నిండుగా నడిచిందా?

పడుగు_పేక
లేదు సార్. మేలో నూలు మార్కెట్ డల్. గోడౌన్ నిండిపోయిందని నాలుగు రింగ్ ఫ్రేములు ఆపేశారు. రాత్రి షిఫ్టులో గోడ అవతలి నుంచి చప్పుడు తగ్గిపోయింది, మాకే తెలిసింది.

పాతలెక్కలు
అయితే నువ్వు వేసిన షీటులో తప్పు నీ కూడికలో లేదు, మొదటి అంకెలో ఉంది. 252 అనేది మీ డివిజన్‌కి ఖర్చు, కంపెనీకి కాదు. ఆగిపోయిన ఫ్రేములు తిప్పి ఆ 20,000 కిలోలు తీస్తే కంపెనీ జేబులోంచి పోయేది కిలోకి 215. ఆ 75 లక్షల జీతాలూ వడ్డీ ఫ్రేములు తిరిగినా ఇవ్వాలి, ఆగినా ఇవ్వాలి. 215కి నేత 50 కలిపితే 265. వచ్చేది 300. కిలోకి 35 మిగిలేది, 20,000 కిలోలకి 7 లక్షలు. ఆ 7 లక్షలు ఏ జేబులోకీ రాలేదు, రోడ్డు మీద పోయాయి.

రెండుజేబులు గారి లెక్క జరిగిపోయిన అమ్మకాలకి సరిగ్గా సరిపోతుంది. కానీ లోపలి రేటు చూసి మనుషులు నిర్ణయాలు తీసుకుంటారు. ఆర్డరు పట్టాలా వదలాలా, నూలు ఇక్కడ కొనాలా బయట కొనాలా అని. నిర్ణయం మారిన క్షణంలో మొత్తం కూడా మారిపోతుంది.

రెండుజేబులు
ఒప్పుకుంటున్నాను, ఆ ఆర్డరు సంగతి నాకు తట్టలేదు. అయితే పాత 240 కూడా పని చేసేదేగా? 240కి 50 కలిపితే 290, పార్టీ ఇచ్చేది 300. ఆర్డరు తీసుకునేవాళ్ళు. అంటే వీవింగ్ జీఎం గారిదే న్యాయం.

పాతలెక్కలు
ఈ ఆర్డరుకి 240 సరిపోయింది. రేపు 280 ఆర్డరు వస్తే? కంపెనీకి అప్పుడూ కిలోకి 15 మిగులుతుంది, 240 పెడితే మాత్రం అది కూడా పోతుంది. అదృష్టవశాత్తూ సరిపోయిన రేటుని న్యాయమైన రేటు అనలేం.

ఒత్తికట్టు
నేను స్పిన్నింగ్ వైపు మనిషిని, వేరే మిల్లులో. ఇందాకటి నుంచి చూస్తున్నాను, అందరూ మా వాళ్ళని పిసినారుల్లా చూస్తున్నారు. మేలో ఫ్రేములు ఖాళీ, నిజమే. నవంబరులో దూది రాక మొదలై గిరాకీ ఉన్నప్పుడో? ప్రతి కోనూ ఏజెంటు ఎత్తుకుపోతాడు. అప్పుడు కూడా 215కి ఇమ్మంటే, బయట 252 వచ్చే సరుకుని పక్కింటికి దానం చేసినట్టే. మా జీఎం పనితనం ఎక్కడ కనపడాలి? 240 వేస్తే లక్ష కిలోలు వడికినా ఆయన పేరు కింద సున్నా. "స్పిన్నింగ్‌లో లాభం లేదు, కొత్త మిషన్లు దేనికి" అని బోర్డులో అంటారు. ఇది మా మిల్లులో జరిగిన మాటే.

పాతలెక్కలు
ఈయన చెప్పినదాంట్లో బలం ఉంది. మిల్లు నిండుగా ఉన్నప్పుడు ఒక కిలో లోపలికి ఇస్తే బయటి అమ్మకం ఒక కిలో పోతుంది. అప్పుడు కంపెనీకి ఆ నూలు ఖరీదు 215 కాదు, బయట వచ్చేదంత. కానీ ఒత్తికట్టు గారూ, బయట మీకు చేతికి 252 వస్తుందా? ఏజెంటు కమీషన్, లారీ కిరాయి, ఎగుమతి చేసే ప్యాకింగ్, నెలన్నర అరువు మీద వడ్డీ, ఇవన్నీ తీసేస్తే?

ఒత్తికట్టు
మా దగ్గర కిలోకి 5 నుంచి 7 పోతుంది. అరువు ఎక్కువైతే ఇంకా.

పాతలెక్కలు
6 అనుకుందాం. అంటే చేతికొచ్చేది 246. గోడ అవతలికి ట్రాలీలో తోస్తే ఈ 6 ఖర్చే లేదు. కాబట్టి నిండు నెలలో కూడా సరైన రేటు 246, 252 కాదు. అదే 300 ఆర్డరు నవంబరులో వచ్చిందనుకోండి. 246కి 50 కలిపితే 296, కిలోకి 4 మిగులుతుంది, 20,000 కిలోలకి 80 వేలు. చిన్నదే, కానీ తీసుకోవచ్చు. 252 పెడితే అది కూడా పోతుంది.

అంటే ఒకే ఆర్డరు మేలో 7 లక్షలు, నవంబరులో 80 వేలు. లోపలి రేటు సీజన్‌ని బట్టి నడవాలి. ఏడాది పొడుగునా ఒకే అంకె పెట్టుకుని కూర్చుంటే సగం నెలలు తప్పే అవుతుంది.

ఒక మినహాయింపు చెప్పాలి. మేలో గోడౌన్‌లో సరుకు పేరుకుంటే అది ఎప్పటికీ అమ్ముడుపోదని కాదు. రెండు నెలల తర్వాత 235కో 240కో పోవచ్చు. కాబట్టి స్టాకులోంచి ఇచ్చే నూలుకి 215 అనడం కాస్త అతి. ఆపేసిన ఫ్రేములు తిప్పి తీసే నూలుకే ఆ లెక్క కరెక్టు. ఇంకో సంగతి, 300కి ఒకరికి ఇచ్చారని తెలిస్తే మీ 330 పార్టీలు ఊరుకోరు. ఆ భయం షీటులో కనపడదు, మీ జీఎం బుర్రలో ఉండాలి.

సీఎంఏ_ఇంటర్
సార్, చిన్న డౌట్. మొత్తం ఎప్పుడూ 20 లక్షలే అన్నారు కదా రెండుజేబులు గారు. మార్చి 31న వీవింగ్ గోడౌన్‌లో 30,000 కిలోల నూలు వాడకుండా మిగిలిందనుకుందాం. దాన్ని 252కి స్టాకులో చూపిస్తే, కిలోకి 12 చొప్పున 3.6 లక్షలు స్పిన్నింగ్ లాభంలో వచ్చేసినట్టే కదా? కానీ బయటివాడు ఇంకా ఒక్క మీటరు కొనలేదు.

పాతలెక్కలు
శభాష్. డివిజన్ల లాభాలు ఊరికే కలిపితే కంపెనీ లాభం 3.6 లక్షలు ఎక్కువ కనపడుతుంది. కంపెనీ ఖాతాలు మూసేటప్పుడు దాన్ని తీసెయ్యాలి. చాలాచోట్ల ఆడిటర్ అడిగాకే గుర్తొస్తుంది.

తవుడుమూట
నాది మీ చదువుల లెక్క కాదు, ఇంటి గొడవ. నాన్నగారు పెట్టిన ఫర్మ్‌లో మాకు రైసుమిల్లూ ఉంది, తవుడు నూనె తీసే సాల్వెంట్ ప్లాంటూ ఉంది. మిల్లు నేను చూస్తాను, ప్లాంటు మా తమ్ముడు. ఏ యూనిట్ లాభం ఆ యూనిట్ చూసేవాడికి ఎక్కువ వాటా అని రాసుకున్నాం. దాంతో తవుడు రేటు మీద మూడేళ్ళు మాటల్లేవు.

నేను బయటి రేటు వేస్తే "అన్నయ్యా, నీ తవుడులో నూనె ఏది?" అనేవాడు. వాడన్నదీ అబద్ధం కాదు. ఉప్పుడు బియ్యం ఆడితే వచ్చే తవుడులో నూనె ఎక్కువ, పచ్చి బియ్యం తవుడులో తక్కువ. పైగా తవుడు రెండు రోజులు బస్తాల్లో మగ్గితే నూనెలో ఆమ్లం పెరిగిపోతుంది, రిఫైనరీ వాడు కోత వేస్తాడు. నేనేమో బయట కొనేవాడికి తాజా లాటు పంపి, తమ్ముడే కదా అని నిన్నటి బస్తాలు ప్లాంటుకి తోలేవాణ్ణి. ఇప్పుడు ప్రతి లారీ లోడుకీ శాంపిల్ తీసి, నూనె శాతం మీద రేటు కడుతున్నాం. శాంపిల్ ప్లాంటు ల్యాబులో కాకుండా బయట చేయిస్తాం. ఈ సంక్రాంతికి కలిసి భోంచేశాం.

పడుగు_పేక
తవుడుమూట గారూ, మీరు చెప్పింది చదివి మా షెడ్డుకి వెళ్ళి చూశాను. సరిగ్గా ఇదే మాకూ జరుగుతోంది! బయటి పార్టీ కోన్లు వాపస్ పంపుతాడు, మేం పంపలేం. అందుకని బలం తక్కువ లాట్లు, రెండు రకాల దూది కలిసిన లాట్లు మా వైపే వస్తున్నాయి. మాస్టర్ గారి పుస్తకం తిరగేశాను. మార్చిలో మగ్గం ఎఫిషియన్సీ 88 శాతం ఉంటే జూన్‌లో 81. పడుగు తెగినప్పుడల్లా మగ్గం ఆగుతుంది, మనిషి వచ్చి దారం వెతికి ముడేసి మళ్ళీ నడపాలి. ఒక మగ్గం పక్కన పది నిమిషాలు నిలబడ్డాను, మూడుసార్లు ఆగింది.

అంటే 252 అని రాసుకుంటున్నాం గానీ, మార్కెట్‌లో 252 పెట్టిన నూలు ఇలా ఉండదు.

ఒత్తికట్టు
ఇది తప్పే, దాచను. మా దగ్గరా చేస్తారు. లోపలివాడు ఎక్కడికి పోతాడులే అని.

పాతలెక్కలు
అందుకే మార్కెట్ రేటు కావాలనే డివిజన్‌కి మార్కెట్ షరతులు కూడా ఉండాలని నేను పట్టుబట్టేవాణ్ణి. లాటు బాగాలేకపోతే వీవింగ్ వాపస్ చెయ్యొచ్చు, మరీ అవసరమైతే బయట కొనొచ్చు. బయట కొనే హక్కు లేని మార్కెట్ రేటు వట్టి పేరుకే. ఐతే ఆ హక్కులో ప్రమాదం ఉంది. మేలో బయట ఎవడో 238కి నూలిస్తే మీ జీఎం సంబరపడి కొంటాడు. ఇక్కడ ఫ్రేములు ఖాళీగా ఉంటే కంపెనీ 215కి తియ్యగలిగినదానికి 238 బయట కట్టినట్టవుతుంది. అందుకే బయట కొనే ముందు స్పిన్నింగ్‌కి ఆ రేటు చూపించి, సరిపోలుస్తారా అని అడగాలనే షరతు పెట్టాలి.

ఎక్సైజ్_మూర్తి
ఇన్ని మాటలు దేనికి? చట్టంలోనే ఉంది. సొంత వాడకానికి ఇచ్చే సరుకుకి ఖర్చు మీద 10 శాతం. 240కి 264 వెయ్యాలి. నా సర్వీసంతా 110 శాతం లెక్కతోనే గడిచింది.

పాతలెక్కలు
మూర్తి గారూ, ఆ 110 సెంట్రల్ ఎక్సైజ్ కాలం మాట. అది సుంకం దేని మీద కట్టాలో చెప్పే లెక్క, డివిజన్ లాభం ఎలా కట్టాలో చెప్పేది కాదు. ఇప్పుడు జీఎస్టీలో, ఒకే రాష్ట్రంలో ఒకే రిజిస్ట్రేషన్ కింద గోడ ఇటు నుంచి అటు నూలు పోతే అసలు పన్నే లేదు. వీవింగ్ షెడ్డు తెలంగాణలోనూ, స్పిన్నింగ్ ఆంధ్రాలోనూ ఉండి ఉంటే వేరు. రెండు రిజిస్ట్రేషన్లు, ఇన్‌వాయిస్, పన్ను అన్నీ ఉండేవి. అప్పుడు కూడా తీసుకునే యూనిట్‌కి పూర్తి క్రెడిట్ వస్తుంటే ఇన్‌వాయిస్‌లో రాసిన విలువనే ఒప్పుకుంటారు, 28వ రూలు. 110 శాతం వేరే దారి లేనప్పుడు వాడేది.

గచ్చిబౌలి_పద్మ
నేను మొదట తప్పుదారి పట్టించాను, సారీ. కానీ డొమెస్టిక్‌లో ఆదాయపు పన్ను కోణం పూర్తిగా లేదనకండి. ఒక డివిజన్‌కి పన్ను మినహాయింపు ఉండి, రెండోదానికి లేకపోతే లోపలి రేటే పన్నుని మార్చేస్తుంది. జిందాల్ స్టీల్ అండ్ పవర్ కేసు అదే. సొంత పవర్ ప్లాంట్ లాభానికి 80-ఐఏ మినహాయింపు ఉంది, కరెంటు వాడేది సొంత స్టీల్ ప్లాంటు. వాళ్ళు యూనిట్‌కి 3.72 వేశారు, విద్యుత్ బోర్డు పరిశ్రమలకి అమ్మే రేటు అది. అధికారులేమో మిగులు కరెంటుని బోర్డు కొనే 2.32నే మార్కెట్ విలువ అన్నారు. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు కంపెనీ వైపు తీర్పిచ్చింది. వినియోగదారుడు బోర్డు దగ్గర కొనే రేటే మార్కెట్ విలువ, బోర్డుకి తప్పనిసరై అమ్ముకునే రేటు కాదు అని.

పాతలెక్కలు
మంచి ఉదాహరణ తెచ్చారమ్మా. యూనిట్ కరెంటుకి రెండు మార్కెట్ రేట్లు. మన నూలుకీ అంతే, కొనేవాడి రేటు 252, అమ్మేవాడికి చేతికొచ్చేది 246. పన్నుకి కోర్టు ఎంచుకున్నదే లోపల నిర్ణయాలకీ పనికొస్తుందని అనుకోకూడదు, అంతే.

పడుగు_పేక
సార్, ఇంకొక్కటి. పాత పద్ధతిలో కూడా మాకొక మంట ఉండేది. ఫిబ్రవరిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి స్పిన్నింగ్ 2.4 లక్షల కిలోలే తీసింది. ఆ నెల మాకు నూలు 246.25 పడింది. అడిగితే "ఖర్చు పెరిగింది, ఏం చేస్తాం" అన్నారు.

పాతలెక్కలు
75 లక్షలని 2.4 లక్షలతో భాగిస్తే కిలోకి 31.25. అదీ సంగతి. వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మీ లాభం 6.25 లక్షలు తగ్గింది. అయిన ఖర్చు మొత్తం పక్కవాడి మీద వేసుకునే వీలుంటే ఎవడూ ఖర్చు తగ్గించడు. ఖర్చు మీద రేటు పెట్టాలనుకుంటే ఏడాది మొదట్లో అనుకున్న ఖర్చు మీదే పెట్టాలి, అయిన ఖర్చు మీద కాదు.

నేను ఒకచోట పెట్టించింది ఇది. వీవింగ్ లక్ష కిలోల కెపాసిటీ బుక్ చేసుకుంటుంది, దానికి నెలకి 25 లక్షలు గుత్తగా కట్టేస్తుంది. అది కట్టాక ఆ లక్ష లోపు తీసుకునే ప్రతి కిలోకీ 215 మాత్రమే. మీ అంకెలతో వేస్తే లక్ష కిలోల మీద మీకు 20 లక్షలే, స్పిన్నింగ్‌కి సున్నా, పాత 240 లాగే. తేడా ఎక్కడంటే, ఆ లక్షలో పట్టే అదనపు ఆర్డరు వచ్చినప్పుడు మీ జీఎం కళ్ళకి 215 కనపడుతుంది. లక్ష దాటి కావాలంటే ఆ నెల మార్కెట్‌ని చూసి రేటు. స్పిన్నింగ్‌కి కూడా కొంత లాభం కనపడాలంటే గుత్త 28 చెయ్యండి, 30 చెయ్యండి. ఆ పంపకం మీద కొట్టుకోవచ్చు, ఆర్డరు మాత్రం పోదు.

ఒత్తికట్టు
వీవింగ్ లక్ష బుక్ చేసి, నవంబరులో 215కి మొత్తం ఎత్తి, నేయకుండా నూలే బయట అమ్ముకుంటే?

పాతలెక్కలు
చేశారు కూడా! అందుకే బుక్ చేసిన నూలు నేతకే అని రాయాలి. అయినా నిండు సీజన్‌లో ఈ పద్ధతి కొంచెం చౌకగానే ఇస్తుంది, ఒప్పుకుంటాను. 246 రావలసిన నూలుతో 290 గుడ్డ నేస్తే వీవింగ్‌కి లాభంలా కనపడుతుంది, కంపెనీకి కిలోకి 6 నష్టం. అన్ని నెలలకీ సరిపోయే రేటు నాకింతవరకూ దొరకలేదు.

పడుగు_పేక
అప్‌డేట్. సోమవారం మీటింగ్ అయింది. 240 న్యాయమని రాయలేదు. మే ఆర్డరు షీటు రెండు రకాలుగా వేసి, కింద 7 లక్షలు అని రాసిచ్చాను. మా జీఎం గారికి మొదట కోపం వచ్చింది, "నాకెదురు రాశావేంటి" అన్నారు. ఎండీ గారు మాత్రం ఆ కాగితం చాలాసేపు చూసి, ఆ పార్టీ నంబరు ఉందా అని అడిగారు. ఉంది, కానీ వాళ్ళు వేరేచోట కొనేసుకున్నారు.

ప్రస్తుతానికి రేటు 246 చేశారు. లాటు వాపస్ చేసే హక్కు ఇచ్చారు. బయట కొనే మాటకి స్పిన్నింగ్ జీఎం గారు లేచి నిలబడ్డారు, దాన్ని పక్కన పెట్టారు. గుత్త పద్ధతి దసరా తర్వాత చూద్దామన్నారు. బోనస్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

నిన్న మొదటి లాటు వాపస్ చేశాం, 1,200 కిలోలు. ఇప్పుడు కొత్త ప్రశ్న. అది మళ్ళీ గోడ దాటించిన కూలి ఎవరి ఖాతాలో వెయ్యాలి?

తవుడుమూట
మా ఇంట్లో అయితే ఎవరి సరుకు చెడితే వాడిదే కూలి. కానీ చెడిందని ఎవరు తేల్చారు? శాంపిల్ బయట చేయించారా?